నలుగురు రాసినా ఒకే కంపెనీ మాట్లాడినట్టు ఉండాలంటే: నాలుగు పద్ధతులు, ఏది ఎవరికి

ఒక కంపెనీ తరఫున నలుగురు రాస్తుంటే చదివేవాళ్లకి నాలుగు కంపెనీలు కనపడతాయి. దీన్ని సరిచేయడానికి వాడుకలో ఉన్న దారులు కూడా నాలుగే. అందరూ పాటించాల్సిన నియమాల పుస్తకం రాసిపెట్టడం ఒకటి. పత్రికాఫీసుల్లో లాగా ఒక డెస్క్ పెట్టి, ఎవరు రాసినా అక్కడ తిరగరాసి వదలడం రెండోది. విషయం తెలిసినవాళ్లు నోటితో చెబుతుంటే ఒక్కరే అన్నీ రాయడం మూడోది. ఎవరి పేరుతో వాళ్లని, వాళ్ల ధోరణిలోనే రాయనివ్వడం నాలుగోది. చాలా మంది ముందుగా నియమాల పుస్తకం మీద పడతారు. నన్నడిగితే చిన్న కంపెనీకి అది మొదట చేయాల్సిన పని కాదు. ఎందుకో ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం.

విశాఖలో ఇళ్ల మీద సోలార్ బిగించే కంపెనీ ఒకటి ఉందనుకోండి. ఆఫీసు గాజువాకలో, కస్టమర్లు భీమిలి దాకా. నెలకు ఆరు వ్యాసాలు, అన్నీ తెలుగులో. రాసేవాళ్లు నలుగురు: సేల్స్ చూసే ఆయన, సర్వీస్ ఇంజినీరు, సబ్సిడీ ఫైళ్లు చూసే అకౌంట్స్ మేడమ్, బయటి నుంచి డబ్బిచ్చి రాయించుకునే ఒక ఫ్రీలాన్సర్. ఈ నెల విషయం బీచ్ దగ్గరి ఇళ్లలో సోలార్‌కి తుప్పు సమస్య. ఒకే పేరా రాయమంటే ముగ్గురి దగ్గర నుంచి ఇలా వస్తుంది.

సేల్స్ ఆయన: "విశాఖవాసులకు శుభవార్త!! మనం బిగించే సోలార్ ప్యానెల్స్‌కి తుప్పు అనే మాటే లేదు. 25 ఏళ్ల వారంటీతో నిశ్చింతగా ఉండండి!"

ఇంజినీరు: "సముద్ర తీరము నుండి వచ్చు లవణ గాలి వలన స్ట్రక్చర్ నందు తుప్పు ఏర్పడును. కావున హాట్ డిప్ గాల్వనైజ్డ్ స్ట్రక్చర్ వాడబడును. ఫాస్టెనర్లు ఎస్‌ఎస్ 316 గ్రేడ్ వాడవలెను."

ఫ్రీలాన్సర్: "అలల మీదుగా వచ్చే ఉప్పుగాలి నీ డాబా మీద నెమ్మదిగా తన సంతకం చేసి వెళ్తుంది. ఆ సంతకాన్ని చెరిపే పానెల్ ఉందా?"

మూడూ చదివితే మొదట కంటికి కనపడేది శైలి తేడా. ఒకాయన కేకలేస్తున్నారు, ఒకాయన సర్క్యులర్ రాస్తున్నారు, ఒకరు కవిత్వం చెబుతున్నారు. కానీ కంపెనీకి నష్టం చేసే తేడా అది కాదు. మొదటాయన తుప్పే పట్టదంటున్నారు, రెండో ఆయన పడుతుంది కాబట్టే ఇది వాడతామంటున్నారు. ఈ రెండూ ఒకే కంపెనీ పేరు కింద వారం తేడాతో వస్తే, లక్షల్లో ఖర్చు పెట్టబోతున్న ఎంవీపీ కాలనీ మనిషి ఏది నమ్మాలి? అందుకే నేను ఏ కంపెనీ వ్యాసాలు చూసినా ఒక వరసలో చూస్తాను. ముందు మాట ఎంత గట్టిగా ఇస్తున్నారన్నది. తర్వాత చదివేవాళ్లని ఎలా పిలుస్తున్నారన్నది. ఆ తర్వాత ఏ మాటలు వాడుతున్నారన్నది. చివర్న స్పెల్లింగు. నాలుగు పద్ధతుల్లో ఏది ఏ మెట్టు దాకా పట్టుకోగలదన్నదే ఎంపికలో అసలు సంగతి.

నియమాల పుస్తకం

ఇంగ్లీషులో దీనికి మంచి నమూనాలు ఉన్నాయి. మెయిల్‌చింప్ కంపెనీ తన స్టైల్ గైడ్‌ని ఎవరైనా చూసేలా, లాభాపేక్ష లేకుండా మార్చుకుని వాడుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. బ్రిటన్ ప్రభుత్వం తన వెబ్‌సైట్లకు వాడే గైడ్ కూడా బయటే ఉంది. చిక్కంతా వాటిని చూసి మనం తెలుగులో రాసుకునేటప్పుడు వస్తుంది. అక్కడి విశేషణాలు మాత్రం తెచ్చుకుంటాం: ఆత్మీయంగా, నమ్మకంగా, స్పష్టంగా. పై ముగ్గురికీ "ఆత్మీయంగా రాయండి" అని చెప్పి చూడండి. సేల్స్ ఆయన ఇంకో ఆశ్చర్యార్థకం తగిలిస్తారు. ఫ్రీలాన్సర్ "నీ డాబా" అన్నది ఆత్మీయత కోసమే కదా అంటారు. ఇంజినీరు "ఏర్పడును" తర్వాత "అండి" చేర్చి పంపిస్తారు. ముగ్గురూ నియమం పాటించినట్టే, పేరాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

తెలుగులో పనికొచ్చే నియమాలు విశేషణాల్లో ఉండవు, వ్యాకరణంలో ఉంటాయి. ఇంగ్లీషు గైడ్లలో ఇవి దొరకవు, మనమే రాసుకోవాలి. ఉదాహరణకి మేము, మనం. సేల్స్ ఆయన "మనం బిగించే ప్యానెల్స్" అన్నారు. కలుపుగోలుగా ఉంటుందని ఆయన ఉద్దేశం. అదే అలవాటుతో రేపు "మనకి సబ్సిడీ రూ.78,000 వస్తుంది" అని రాస్తే, ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో చదివేవాళ్లకి అర్థం కాదు. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు వచ్చే ఆ డబ్బు ఇంటివాళ్ల బ్యాంకు ఖాతాకే వెళ్తుంది, కంపెనీకి కాదు. కాబట్టి నియమం ఇలా ఉండాలి: కంపెనీ చేసే పనికి "మేము", ఇంటివాళ్లు చేసేదానికీ వాళ్లకి వచ్చేదానికీ "మీరు", ఊరందరికీ చెందినదానికి మాత్రమే "మన". మన వైజాగ్ గాలి అనొచ్చు. మన సబ్సిడీ అనకూడదు.

క్రియలు కూడా అంతే. "అమర్చబడును", "సంప్రదించగలరు", "గమనించగలరు" అన్నవి ఎవరు చేస్తారో చెప్పకుండా తప్పించుకునే రూపాలు. "మా మనిషి వచ్చి బిగిస్తాడు", "ఈ నంబరుకు ఫోన్ చేయండి" అంటే పని ఎవరిదో తెలుస్తుంది. మాటల ఎంపికకు ఒక సులువైన కొలబద్ద ఉంది: కస్టమరు ఫోన్లో ఏ మాట అంటాడో అదే రాయడం. ఎవరూ ఫోన్ చేసి "సౌర ఫలకం" గురించి అడగరు, ప్యానెల్ అంటారు. "విద్యుత్ బిల్లు ఎక్కువొస్తోంది" అనరు, కరెంటు బిల్లు అంటారు. సంస్థల పేర్లలో విద్యుత్ ఎలాగూ ఉంటుంది, దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

యాస సంగతి కొంచెం నాజూకు. ఉత్తరాంధ్రలో పెరిగినవాళ్లు "వచ్చేరు", "చెప్పేరు" అని సహజంగా రాస్తారు, కడప నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్లు అలా రాయరు. కంపెనీ మాటగా వెళ్లే వాక్యాల్లో "వచ్చారు" అనే రూపం పెట్టుకుని, కస్టమరు మాటని కోట్ చేసేటప్పుడు వాళ్లు అన్నది అన్నట్టే ఉంచడం మంచిదని నా అభిప్రాయం. గిడుగు రామమూర్తి పుట్టింది ఈ పక్కనే శ్రీకాకుళం దగ్గర. వ్యవహార భాష కోసం అంత పోట్లాట జరిగిన ప్రాంతంలో కూర్చుని మనం ఇంకా "వాడబడును" అని రాయడం ఏమిటో!

ఇలాంటి నియమాలు ఒక కాగితానికి రెండు వైపులా సరిపోతాయి. అంతకు మించితే ఎవరూ చదవరు. ప్రతి నియమం పక్కనా ఒక తప్పు వాక్యం, దాన్ని దిద్దిన వాక్యం ఉండాలి. నియమాన్ని మర్చిపోయినవాళ్లకి కూడా ఆ జంట గుర్తుంటుంది. కాగితం పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఒకే విషయం మీద అయిదు పొడి వాస్తవాలు ఇద్దరికి ఇచ్చి, ఒకరినొకరు చూసుకోకుండా కాగితం ప్రకారం పేరా రాయమనండి. రెండు పేరాలూ కలిపి చదివినప్పుడు అతుకు కనపడితే, నియమం ఎక్కడో విశేషణంలో ఆగిపోయిందన్నమాట.

కాగితం ఎంత బాగున్నా స్పెల్లింగు, పిలుపు, మాటల ఎంపిక దాకానే పట్టుకుంటుంది. "తుప్పు అనే మాటే లేదు" అన్న వాక్యంలో మేము, మీరు సరిగ్గానే ఉండొచ్చు, స్పెల్లింగు తప్పు లేకపోవచ్చు. అబద్ధం మాత్రం అలాగే ఉంటుంది. అలాగే ఎప్పుడు గొంతు తగ్గించాలో కూడా కాగితం చెప్పదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరిని ఏం చేసిందో చూసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని వార్త వచ్చిన రోజు "తుఫానుకు ముందే బుక్ చేసుకోండి" అని ఒక వ్యాసం వెళ్తే, అందులో ఒక్క నియమం కూడా తప్పి ఉండకపోవచ్చు. దాన్ని ఆపడానికి మనిషి కావాలి.

డెస్క్

ఈనాడు 1974 ఆగస్టు 10న మొదలైంది విశాఖలోనే. ఏ తెలుగు పత్రికనైనా తీసుకోండి, మండలాల నుంచి కంట్రిబ్యూటర్లు ఎవరికి తోచినట్టు వాళ్లు రాసి పంపితే, డెస్క్‌లో సబ్‌ఎడిటర్లు దాన్ని దిద్దో, పూర్తిగా తిరగరాసో పేజీలోకి పంపుతారు. పాఠకుడికి అంతా ఒకే పత్రిక మాట్లాడినట్టు ఉండటానికి కారణం కంట్రిబ్యూటర్లందరూ ఒకేలా రాయడం కాదు, అవన్నీ ఒకే చోట నుంచి దాటడం. కంపెనీకి అంత డెస్క్ అవసరం లేదు. ఒక్క మనిషి, ఆ మనిషికి తిరగరాసే హక్కు ఉంటే చాలు.

మన ఉదాహరణలో ఆ మూడు పేరాలూ డెస్క్‌కి వచ్చాయనుకోండి. డెస్క్‌లో ఉన్నావిడ చేయాల్సిన మొదటి పని వాక్యాలు దిద్దడం కాదు, ఇంజినీరుకి ఫోన్ చేయడం.

"తుప్పు నిజంగా దేనికి పడుతుంది సర్?"

"ప్యానెల్‌కి అంత త్వరగా ఏం కాదు మేడమ్, దాని ఫ్రేమ్ అల్యూమినియమే. స్టాండు కోసిన చోట, బోల్టుల దగ్గర పడుతుంది. గాల్వనైజింగ్ అయ్యాక సైట్లో కట్ చేసినా, డ్రిల్ చేసినా అక్కడ పూత పోతుంది కదా, ముందు అక్కడే."

"మరి 25 ఏళ్ల వారంటీ?"

"అది ప్యానెల్ కరెంటు ఇచ్చేదానికి. స్టాండుకి కాదు."

ఈ నాలుగు మాటల తర్వాత డెస్క్ నుంచి వెళ్లే పేరా ఇది:

"సముద్రానికి దగ్గర్లో ఉన్న ఇళ్ల మీద ముందు తుప్పు పట్టేది ప్యానెల్‌కి కాదు, దాన్ని నిలబెట్టే స్టాండుకీ బోల్టులకీ. అందుకే బీచ్ వైపు ఇళ్లకి మేము జింకు పూత వేసిన స్టాండు, ఉప్పుగాలిని తట్టుకునే 316 గ్రేడ్ స్టీలు బోల్టులు వాడతాం. అయినా వానాకాలం అయ్యాక ఏడాదికోసారి స్టాండు కోసిన అంచుల దగ్గర, బోల్టుల చుట్టూ ఎర్రటి మరక ఉందేమో చూసుకోండి. కనపడితే మాకు ఫోన్ చేయండి. ప్యానెల్‌కి ఉన్న 25 ఏళ్ల వారంటీ అది ఇచ్చే కరెంటుకు సంబంధించింది, స్టాండు తుప్పుకి వర్తించదు."

ఇందులో ముగ్గురిదీ కొంచెం ఉంది. వాస్తవం ఇంజినీరుది. వారంటీ గురించి చెప్పాలన్న ఆలోచన సేల్స్ ఆయనది. ఉప్పుగాలి అన్న మాట ఫ్రీలాన్సర్‌ది, "లవణ గాలి" కన్నా మంచి మాట. మాట ఎంత గట్టిగా ఇవ్వాలన్నది మాత్రం ముగ్గురిలో ఎవరూ తేల్చలేదు, డెస్క్ తేల్చింది. నాలుగు మెట్లలో మొదటి మెట్టుని పట్టుకునే పద్ధతుల్లో ఇది ఒకటి కావడానికి కారణం ఇదే.

దీనికి చెల్లించాల్సింది తక్కువేం కాదు. ఇంత లోతుగా తిరగరాయాలంటే రెండు పేజీల వ్యాసానికి ఒక పూట పోతుంది. ఆవిడ సెలవు పెడితే అన్నీ ఆగుతాయి. ఇంకో ప్రమాదం కనపడకుండా వస్తుంది: సులువు చేయబోయి వాస్తవాన్ని మార్చేయడం. "గాల్వనైజ్డ్ స్టాండు" అన్నది కష్టంగా ఉందని "తుప్పు పట్టని స్టాండు" అని మారిస్తే వాక్యం హాయిగా ఉంటుంది, కానీ సేల్స్ ఆయన అబద్ధం వెనక గుమ్మంలోంచి మళ్లీ లోపలికొచ్చినట్టే. అందుకని తిరగరాసినది రాసినవాళ్లకి ఒకసారి వెనక్కి పంపాలి. పంపేటప్పుడు "ఎలా ఉంది సర్?" అని అడిగితే వాళ్లు తమ వాక్యాలన్నీ మళ్లీ పెట్టి పంపుతారు. "ఇందులో తప్పైన వాక్యం ఏదైనా ఉందా?" అని మాత్రమే అడగాలి. ఒక రోజు గడువు ఇవ్వాలి.

రాసినవాళ్లు నొచ్చుకోవడం కూడా ఉంటుంది. మూడు సార్లు తన వ్యాసం గుర్తుపట్టలేనట్టు బయటికొస్తే ఇంజినీరు నాలుగోసారి పంపరు, పనిలో ఉన్నానంటారు. దీనికి మందు, ఏ దిద్దుబాటు ఎందుకు చేశారో ఆ వ్యాసంలోనే పక్కన ఒక్క ముక్కలో రాయడం. ఒకే దిద్దుబాటు మూడోసారి చేయాల్సి వచ్చిందంటే దాన్ని కాగితం మీదికి ఎక్కించాలి. నియమాల కాగితం ఇలా పుడితే దానికి విలువ ఉంటుంది, ఎందుకంటే ప్రతి నియమం వెనకా ఆఫీసులో అందరికీ తెలిసిన ఒక గొడవ ఉంటుంది. నేను పుస్తకం ముందొద్దు అన్నది ఇందుకే. డెస్క్ నడిచిన రెండు మూడు నెలల్లో కాగితం దానంతట అది తయారవుతుంది, అదీ మీ ఆఫీసుకు కావాల్సిన నియమాలతోనే.

డెస్క్ పెట్టి కూడా విఫలమయ్యేది ఎక్కువగా ఒకే కారణానికి: డెస్క్ దాటాక ఇంకొకరు ముట్టుకోవడం. ఆవిడ పంపేశాక ఎండీ గారు వాట్సాప్‌లో చూసి "పైన శుభవార్త అని పెట్టండమ్మా" అంటారు. పెట్టక తప్పదు. కాబట్టి ఎండీ గారు చూడాలనుకుంటే డెస్క్‌కి ముందే చూడాలి, డెస్క్ తర్వాత వాస్తవం తప్పుంటే తప్ప ఎవరూ మార్చకూడదు. దీనికి ఎండీ గారు ఒప్పుకోకపోతే డెస్క్ పెట్టకండి. ఆ జీతం వృథా.

ఒక్కరే రాయడం

రాయాల్సినవాళ్లు రాయలేనివాళ్లయితే ఇదే మేలు. ఇంజినీరు రాసింది చూశాం, ఫోన్లో మాట్లాడింది కూడా చూశాం. రాతలో "ఏర్పడును" అన్న మనిషే నోటితో "ముందు అక్కడే" అన్నారు. కంపెనీకి కావాల్సిన గొంతు ఆయన నోట్లో ముందే ఉంది, కలం పట్టేసరికి పోతోంది. అలాంటివాళ్లని రాయమని అడగడం మానేసి అరగంట మాట్లాడించి, అనుమతితో రికార్డు చేసుకుని, రాయగలిగినవాళ్లు రాయడం ఇద్దరికీ సుఖం.

అడిగే ప్రశ్నలు బట్టి ఉంటుంది అంతా. "సోలార్ మెయింటెనెన్స్ గురించి చెప్పండి" అంటే పాఠం చెబుతారు. "పోయిన వారం వెళ్లిన ఇంట్లో ఏమైంది?" అంటే కథ చెబుతారు. "కస్టమర్లు మిమ్మల్ని మళ్లీ మళ్లీ అడిగేది ఏమిటి?" అన్నది ఇంకో మంచి ప్రశ్న. "మీ సేల్స్‌వాళ్లు చెప్పేవాటిలో మీకు చిరాకు తెప్పించేది ఏది?" అన్నది అన్నిటికన్నా మంచి ప్రశ్న. కాకపోతే రికార్డర్ ఆపాక అడగాలి, పేరు లేకుండా వాడాలి.

ఏకత్వం ఇక్కడ శ్రమ లేకుండా వస్తుంది, రాసేది ఒక్కరే కాబట్టి. పరిమితులు వేరే చోట ఉన్నాయి. వేరే ఉద్యోగం చేసుకుంటూ రాసే మనిషి నెలకు మూడు నాలుగు మించి రాయలేరు. ఆ మనిషి మానేస్తే కంపెనీ గొంతు కూడా వాళ్లతో వెళ్లిపోతుంది, ఎందుకంటే ఏదీ కాగితం మీద లేదు. ఏడాది గడిచేసరికి అన్ని వ్యాసాలూ ఒకే అచ్చులో మొదలై ఒకే అచ్చులో ముగుస్తుంటాయి. పేరు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. ఇంజినీరు రాయని వ్యాసం మీద ఆయన పేరొక్కటే పెట్టడం నాకు నచ్చదు. "చెప్పినవారు", "రాసినవారు" అని రెండు పేర్లూ వేస్తే నిజాయితీగా ఉంటుంది, చదివేవాళ్లకి కూడా విషయం తెలిసిన మనిషి చెప్పారని తెలుస్తుంది.

ఎవరి గొంతు వాళ్లది

దీని గురించి పెద్దగా చెప్పేది లేదు. మనిషిని చూసి చదివే వ్యాసాలకి ఇది సరిపోతుంది. ఫ్రీలాన్సర్ కవిత్వం ధోరణిలో బీచ్ రోడ్డు ఇళ్ల గురించి రాస్తే, పేరు పైన ఉంటే, హాయిగా ఉంటుంది. కానీ డబ్బు, వారంటీ, సబ్సిడీ, భద్రత ఉన్న వ్యాసం ఏదీ ఈ పద్ధతిలో వెళ్లకూడదు. అక్కడ మాట్లాడేది కంపెనీయే, కింద ఎవరి పేరున్నా సరే. సేల్స్ ఆయన పేరుతో "తుప్పే పట్టదు" అని వెళ్తే, రేపు బోల్టు ఫొటో పట్టుకుని కస్టమరు వచ్చేది ఆయన ఇంటికి కాదు కదా.

మరి ఏది?

ముందు చూడాల్సింది వ్యాసాల సంఖ్య కాదు, రాసేవాళ్లు ఎలాంటివాళ్లన్నది. విషయం తెలిసి రాయడం రానివాళ్లు ఎక్కువైతే మూడోది, రాయడం వచ్చి విషయం తెలియనివాళ్లు ఎక్కువైతే డెస్క్. రాసేవాళ్లు తరచూ మారుతుంటే, ఏజెన్సీల చేత రాయిస్తుంటే, లేదా తెలుగు, ఇంగ్లీషు రెండింట్లో వెళ్తుంటే కాగితం తప్పనిసరి. ఎందుకంటే ఆ పరిస్థితిలో ఒకే మనిషి అన్నీ చూడటం సాధ్యం కాదు. డెస్క్‌లో ఇద్దరు కూర్చోవాల్సి వచ్చిన రోజు కూడా అంతే. ఇద్దరు సబ్‌ఎడిటర్ల మధ్య ఒప్పందం నోటి మీద నిలవదు.

మన సోలార్ కంపెనీకి నేనైతే కలగలుపు చెబుతాను. ఇంజినీరు, అకౌంట్స్ మేడమ్ ఇక రాయరు, మాట్లాడతారు. నెలకు వాళ్లవి మూడు వ్యాసాలు, రాసేది డెస్క్‌లో ఉన్నావిడ. ఫ్రీలాన్సర్‌కి రెండు, నియమాల కాగితంతో పాటు ఇంజినీరు చెప్పిన వాస్తవాల పట్టిక ఇచ్చి. వచ్చాక డెస్క్ దిద్దుతుంది. సేల్స్ ఆయనకి నెలకు ఒకటి, ఆయన పేరుతోనే, ఆఫర్ల గురించి. వారంటీ, సబ్సిడీ అంకెలు మాత్రం సొంతంగా రాయకుండా డెస్క్ ఇచ్చిన వాక్యాలే అతికించాలి. ఆ అతికించే వాక్యాలు ఓ పది రాసిపెట్టుకోవడం చిన్న పనే. ప్యానెల్ వారంటీ, ఇన్వర్టర్ వారంటీ, సబ్సిడీ మొత్తం, అది ఎవరి ఖాతాకి వస్తుంది, నెట్ మీటర్‌కి కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ నుంచి ఏం కావాలి, ఇలాంటివి. అంకె మారినప్పుడు ఆ పదీ ఒక్క చోట మారుస్తారు, తర్వాత పాత వ్యాసాల్లో వెతికి మారుస్తారు.

వెతకడం అన్నాను కాబట్టి స్పెల్లింగు గురించి ఇక్కడే చెప్పాలి. ప్యానెల్, ప్యానల్, పానెల్ అని మూడు రకాలుగా ఉంటే, ప్యానెల్స్, ప్యానెళ్లు అని బహువచనాలు రెండుంటే, Ctrl+F కొట్టినప్పుడు మీకు సగమే దొరుకుతాయి. ఇంకో దొంగ తేడా కంటికి కూడా కనపడదు. ఇన్‌స్టలేషన్ అన్న మాటలో "న్" తర్వాత ఒత్తు పడకుండా ఆపేది U+200C అనే కనపడని అక్షరం. కంప్యూటర్లో రాసేవాళ్లు దాన్ని పెడతారు, ఫోన్లో రాసేవాళ్లలో చాలామంది పెట్టరు, వాళ్లది "ఇన్స్టలేషన్" అవుతుంది. రెండూ ఒకే మాట అని మనకి తెలుసు, వెతికే సాఫ్ట్‌వేర్లలో కొన్నిటికి తెలియదు. డెస్క్ చివరి పనిగా ఇలాంటి మాటలు ఓ ఇరవై జాబితా పెట్టుకుని, ఒక్కో తప్పు రూపాన్నీ వెతికి మార్చేస్తే చాలు. రాసేవాళ్లని దీనికోసం విసిగించనక్కర్లేదు, వాళ్ల ఫోన్ కీబోర్డు మారదు.

పద్ధతి ఏదైనా మూడు నెలల తర్వాత ఒకసారి పరీక్షించాలి. నలుగురివీ తలా ఒక పేరా తీసి, పేర్లు, శీర్షికలు లేకుండా ప్రింట్ తీసి, ఆఫీసులో రాయని మనిషికి ఇవ్వండి. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి సరిపోతుంది, నలుగురి మాట తీరూ ఆమెకి తెలుసు. ఏది ఎవరిదో చెప్పమనండి. సేల్స్ ఆయన పేరా దొరికిపోతే ఫర్వాలేదు, అది ఆయన పేరుతోనే వెళ్తోంది. మిగతావి కూడా టకటకా చెప్పేస్తే డెస్క్ పైపైన దిద్దుతోందన్నమాట. అన్నీ డెస్క్‌లో ఉన్నావిడే రాసినట్టున్నాయని ఆమె అంటే, అది ఇంకో రకం తప్పు. ఇంజినీరు నోటి మాటలు వ్యాసంలోకి రావడం లేదు, ఆవిడ సొంత మాటలే వస్తున్నాయి. రికార్డింగులు మళ్లీ విని, ఒక్కో వ్యాసంలో ఆయన వాక్యాలు రెండు మూడయినా ముట్టుకోకుండా ఉంచమని చెప్పాలి.

పాత వ్యాసాలు ఎన్నున్నా అన్నీ దిద్దాలని కూర్చోకండి. డబ్బు, వారంటీ అంకెలు ఉన్నవి ముందు తీయండి. వాటిలోనూ ఎక్కువమంది చదివేవి మొదట. పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది 2024లో కాబట్టి అంతకు ముందు సబ్సిడీ గురించి రాసినవి దిద్దడం కన్నా తీసేయడం మేలు. పండగ శుభాకాంక్షల్లో "మనం" ఎక్కడుందో ఎవరూ చూడరు, వాటిని అలాగే వదిలేయొచ్చు.